ఎంసెట్ ఫిజిక్స్: 40లో గ్యారంటీ మార్కులిచ్చే చాప్టర్లు ఏవో మీకు మీరే లెక్కేసుకోవడం ఎలా

ఐపీఈ అయిపోయిన మర్నాటి నుంచి ప్రతి ఇంటర్ గ్రూప్‌లోనూ ఒకటే అడుగుతారు, ఫిజిక్స్ వెయిటేజ్ చార్ట్ ఎవరి దగ్గరైనా ఉందా, ఉంటే పెట్టండి అని. ఎవరో ఒకరు పెడతారు, అందులో రొటేషనల్ మోషన్ పైన ఉంటుంది, కమ్యూనికేషన్ సిస్టమ్స్ అడుగున ఉంటుంది, చూసినవాళ్ళు పైనుంచి మొదలుపెట్టి రొటేషన్ దగ్గరే వారం గడిపేస్తారు. ఆ చార్ట్ తప్పని అనట్లేదు. ఏ చాప్టర్ నుంచి ఎన్ని బిట్లు వచ్చాయో మాత్రమే అది చెప్తుంది, అందులో మీకు ఎన్ని మార్కులు వస్తాయి, వాటికి ఎన్ని గంటలు పోతాయి అన్నది చెప్పదు, కానీ మనకి కావాల్సింది ఆ రెండోదే. ఆ లెక్క ఎలా వేసుకోవాలో కింద ఒక్కో స్టెప్‌గా చెప్తాను. ఇది ఏపీ, తెలంగాణ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ రాసేవాళ్ళ కోసం, అందరూ ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నా.

ముందు పేపర్ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 160 బిట్లు, 3 గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, ఒక్కోదానికి ఒక మార్కు, నెగటివ్ లేదు. సెక్షన్ టైమర్ కూడా లేదు, ఏ సబ్జెక్ట్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇంకో పక్క చాప్టర్లు చూడండి, మన తెలుగు అకాడమీ ఫిజిక్స్ బుక్స్‌లో ఫస్ట్ ఇయర్ 14, సెకండ్ ఇయర్ 16, మొత్తం 30. అంటే 40 బిట్లు 30 చాప్టర్లకి పంచాలి. దాదాపు ప్రతి చాప్టర్‌కి ఒకటి, కొన్ని పెద్దవాటికి రెండు, ఎప్పుడైనా మూడు, అంతే. ఒకే చాప్టర్ నుంచి ఐదారు బిట్లు కుప్పగా రావడం ఈ పరీక్షలో జరగదు. చిన్న చాప్టర్‌కి ఒకటి, దానికి నాలుగు రెట్లు పెద్ద చాప్టర్‌కి రెండు వస్తుంటే, గంటకి ఎక్కువ మార్కు ఇచ్చేది చిన్నదే కదా. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

1. సిలబస్ పీడీఎఫ్ మీ సంవత్సరానిదే తీసుకోండి

ఇది ఐదు నిమిషాల పని, కానీ అందరూ దాటేస్తారు. ఏపీకి cets.apsche.ap.gov.in, తెలంగాణకి eapcet.tgche.ac.in, అక్కడ ఈ సంవత్సరం సిలబస్ పీడీఎఫ్ ఉంటుంది, అదే దించుకోండి. సీనియర్ నోట్స్‌లో ఉన్న లిస్టు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు సిలబస్ తగ్గించినప్పుడు ఫిజికల్ వరల్డ్, కమ్యూనికేషన్ సిస్టమ్స్ లాంటివి తీసేశారు, మన బోర్డు పుస్తకాలు మారినప్పుడల్లా ఆ ప్రభావం ఇక్కడా పడుతుంది. నేను కింద చెప్పే ఏ చాప్టరైనా మీ పీడీఎఫ్‌లో లేకపోతే వెంటనే కొట్టేయండి, దాని గురించి ఇంకో ఆలోచన వద్దు.

జేఈఈ మెయిన్ చార్ట్ తెచ్చి ఎంసెట్‌కి వాడటం కూడా ఇలాంటి పొరపాటే. అక్కడ ఫిజిక్స్ 25 ప్రశ్నలే, 4 మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది, 2024 సిలబస్ నుంచి కమ్యూనికేషన్, ట్రాన్సిస్టర్ లేవు, వెర్నియర్, స్క్రూ గేజ్ లాంటి ప్రాక్టికల్ విషయాలకి విడిగా ఒక యూనిట్టే ఉంది. అది వేరే పరీక్ష, దాని లెక్క వేరే.

2. షిఫ్ట్ పేపర్లు పోగు చేయండి, రెండు మూడు దాచేయండి

పరీక్ష అయ్యాక కీతో పాటు మాస్టర్ క్వశ్చన్ పేపర్లు వెబ్‌సైట్‌లో పెడతారు. ఒక్కో సంవత్సరం ఫోర్‌నూన్, ఆఫ్టర్‌నూన్ కలిపి చాలా షిఫ్టులు ఉంటాయి, కాబట్టి గత రెండు మూడేళ్ళవి తీసుకుంటే పది పన్నెండు పేపర్లు సులువుగా దొరుకుతాయి. పదేళ్ళ కిందటివి అవసరం లేదు, అప్పటి స్టైల్ వేరు.

వాటిలో మూడు పేపర్లు ఓపెన్ కూడా చెయ్యకుండా పక్కన పెట్టేయండి. చివర్లో మీరు నిజంగా ఎంత పెరిగారో చూసుకోవడానికి అవే దిక్కు, ముందే చూసేస్తే అప్పుడు వచ్చే మార్కులకి అర్థం ఉండదు.

మిగతావాటిలో ఫిజిక్స్ 81వ ప్రశ్న నుంచి 120 వరకు ఉంటుంది. ఇంకో సౌకర్యం ఏంటంటే మాస్టర్ పేపర్లలో బిట్లు సాధారణంగా సిలబస్ వరుసలోనే వస్తాయి, మొదట్లో ఫస్ట్ ఇయర్ చాప్టర్లు, చివర్లో అటామ్స్, న్యూక్లియై, సెమీకండక్టర్స్. అందుకే ఏ బిట్ ఏ చాప్టర్‌దో పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ఒక పేపర్‌కి పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోద్ది.

3. సగటు కాదు, ఖచ్చితంగా వచ్చేది లెక్కపెట్టండి

ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమ పక్క చాప్టర్ల పేర్లు, పైన పేపర్ల పేర్లు రాసి గళ్ళు నింపండి. నింపాక చాలామంది అడ్డంగా కూడి పేపర్ల సంఖ్యతో భాగించి సగటు తీస్తారు. అది వద్దు. మీరు రాసేది ఒక్క షిఫ్టే, సగటు షిఫ్ట్ అనేది ఎక్కడా ఉండదు.

ఉదాహరణకి ఒక చాప్టర్ ఎనిమిది పేపర్లలో 1, 1, 1, 1, 1, 1, 2, 1 అని వచ్చింది, ఇంకోటి 0, 3, 1, 0, 2, 2, 0, 1 అని వచ్చింది అనుకోండి. రెండిటి మొత్తం 9, సగటు ఒకటే. కానీ రెండోది మీ షిఫ్ట్‌లో సున్నా అయ్యే అవకాశం బాగానే ఉంది, మొదటిది మాత్రం దాదాపు పక్కా ఒక మార్కు. కాబట్టి ప్రతి చాప్టర్ పక్కన ఒక అంకె రాయండి, ఎనిమిదిలో కనీసం ఏడు పేపర్లలో ఎన్ని బిట్లకి తగ్గకుండా వచ్చాయో ఆ అంకె. దీన్ని నేను పక్కా కౌంట్ అంటున్నా. పై ఉదాహరణలో మొదటి చాప్టర్ పక్కా కౌంట్ 1, రెండోదానిది 0. మీరు నింపాక మీకే కనపడుతుంది, చాలా చాప్టర్లకి 1, కొన్నిటికే 2 వస్తుంది.

రెండు చాప్టర్లు కలిసిన బిట్ వస్తే ఎక్కడ వేయాలి అని డౌట్ వస్తుంది. వోల్టేజ్ Vతో యాక్సిలరేట్ చేసిన ప్రోటాన్ మ్యాగ్నెటిక్ ఫీల్డ్‌లోకి వెళ్తే రేడియస్ ఎంత అన్నది అలాంటిదే, qV = ½mv² ఒక చోటిది, r = mv/qB ఇంకో చోటిది. ఏది రాకపోతే బిట్ ఆగిపోతుందో ఆ చాప్టర్‌లో వేయండి, ఇక్కడైతే మూవింగ్ ఛార్జెస్.

4. ఇప్పుడు మీ హిట్ రేట్ కొలవండి

చార్ట్‌లు చేయలేని పని ఇదే, మీరే చెయ్యాలి. పోగు చేసిన పేపర్లలోంచి ఒక్కో చాప్టర్ బిట్లన్నీ ఒక చోట చేర్చి టైమ్ పెట్టుకుని చెయ్యండి. 3 గంటలకి 160 బిట్లంటే బిట్‌కి 67 సెకన్లు, కానీ మ్యాథ్స్ ఎక్కువ లాగేస్తుంది కాబట్టి ఫిజిక్స్‌కి మొత్తం 45 నిమిషాలు మించి దొరకదనుకోండి. అంటే పది బిట్లకి పదకొండు నిమిషాలు. టైమ్ దాటాక వచ్చిన ఆన్సర్ రైట్ అయినా తప్పు కిందే లెక్క. కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు, అక్కడ ఇవ్వరు.

పదిలో ఆరు రైట్ అయితే హిట్ రేట్ 0.6. గెస్ కొట్టి రైట్ అయినవాటిని చుక్క పెట్టి వేరుగా గుర్తు పెట్టుకోండి, అవి మీకు వచ్చినట్టు కాదు. ఇంకో ముఖ్యమైన విషయం, నెగటివ్ లేదు కాబట్టి అసలేం చదవకుండా గుడ్డిగా పెట్టినా నాలుగు ఆప్షన్లలో ఒకటి, అంటే 0.25 ఎలాగూ వస్తుంది. కాబట్టి ఒక చాప్టర్ పూర్తిగా వదిలేస్తే పోయేది ఒక మార్కు కాదు, ముప్పావు మార్కు. అలాగే ఎంతో కష్టపడి ఒక చాప్టర్‌ని 0.25 నుంచి 0.5కి తెస్తే బిట్‌కి మీకు కలిసొచ్చింది పావు మార్కే. ఈ పావు సంగతి తెలిస్తే కొన్ని చాప్టర్లని మనస్ఫూర్తిగా వదిలేయొచ్చు.

5. ఎన్ని గంటలు పడుతుందో నిజాయితీగా రాయండి

ఇక్కడ చాప్టర్ పేజీలు కాదు చూడాల్సింది, బిట్ ఎన్ని రకాలుగా రావొచ్చు అన్నది. ఒక చాప్టర్‌లో మీరు చూసిన బిట్లని రకాలుగా విడగొట్టండి. డ్యూయల్ నేచర్ తీసుకుంటే ఎన్ని పేపర్లు తిరగేసినా మూడు నాలుగు రకాలే తిరుగుతుంటాయి. అదే సిస్టమ్ ఆఫ్ పార్టికల్స్, రొటేషనల్ మోషన్ తీసుకుంటే సెంటర్ ఆఫ్ మాస్ ఒకటి, డిస్క్‌లో రంధ్రం చేస్తే సెంటర్ ఎంత జరిగింది అన్నది ఒకటి, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా థియరమ్స్, టార్క్, యాంగ్యులర్ మొమెంటమ్ కన్సర్వేషన్, రోలింగ్, ఇన్ని ఉంటాయి, వీటిలో సగం నేర్చుకుంటే మీ షిఫ్ట్‌లో వచ్చే రెండు బిట్లు ఆ సగంలోంచే రావాలని రూలేం లేదు. రకాలు తక్కువ ఉన్న చాప్టర్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే పని దాదాపు పూర్తవుతుంది, రకాలు ఎక్కువ ఉన్నదాంట్లో వారం తర్వాత కూడా సగమే అయ్యుంటుంది.

ఐపీఈకి చదివింది కూడా ఇక్కడ కలుపుకోండి. డ్యూయల్ నేచర్, ఈఎమ్ వేవ్స్, సెమీకండక్టర్స్, మ్యాగ్నెటిజమ్ అండ్ మ్యాటర్ లాంటివాటిలో మీరు వెరీ షార్ట్ ఆన్సర్లు ఆల్రెడీ బట్టీ పట్టి ఉంటారు, వాటిలోంచి డైరెక్ట్‌గా థియరీ బిట్లు వస్తాయి, కాబట్టి అక్కడ గంటలు తగ్గుతాయి. ఎనిమిది మార్కుల డెరివేషన్ చదివిన చాప్టర్లలో అంత తగ్గదు, ఎందుకంటే డెరివేషన్ రాయడం వేరు, నిమిషంలో బిట్ చెయ్యడం వేరు.

6. భాగించండి

ఫార్ములా ఇంతే:

```
లాభం = పక్కా కౌంట్ × (రాబోయే హిట్ రేట్ − ఇప్పటి హిట్ రేట్)
గంటకి లాభం = లాభం ÷ గంటలు
```

ఒక అమ్మాయి ఉందనుకుందాం, గ్రాండ్ టెస్టుల్లో ఫిజిక్స్‌లో 40కి 17 దగ్గర ఆగిపోతోంది, పరీక్షకి నెల ఉంది, రోజుకి గంటన్నర ఫిజిక్స్‌కి ఇవ్వగలదు, అంటే 45 గంటలు. తన నోట్‌బుక్‌లోంచి ఐదు చాప్టర్లు తీస్తే ఇలా ఉన్నాయనుకోండి.

డ్యూయల్ నేచర్ పక్కా కౌంట్ 1, ఇప్పుడు హిట్ రేట్ 0.3, చదివితే 0.85 వరకు తేగలదు, 3 గంటలు. లాభం 0.55, గంటకి 0.18.

సెమీకండక్టర్స్ పక్కా కౌంట్ 1, 0.4 నుంచి 0.85, 3 గంటలు. గంటకి 0.15.

థర్మోడైనమిక్స్ పక్కా కౌంట్ 2, 0.3 నుంచి 0.7, 6 గంటలు. లాభం 0.8, గంటకి 0.13.

కరెంట్ ఎలక్ట్రిసిటీ పక్కా కౌంట్ 2, 0.5 నుంచి 0.8, 6 గంటలు. గంటకి 0.10.

రొటేషనల్ మోషన్ పక్కా కౌంట్ 2, 0.25 నుంచి 0.5, 14 గంటలు. లాభం 0.5, గంటకి 0.036.

చూడండి, రొటేషన్‌కి పెట్టే 14 గంటల్లో డ్యూయల్ నేచర్, సెమీకండక్టర్స్, థర్మోడైనమిక్స్ మూడూ అయిపోయి ఇంకా రెండు గంటలు మిగులుతాయి, లాభం 0.5కి బదులు 1.8. వెయిటేజ్ చార్ట్‌లో మాత్రం రొటేషన్ వాటన్నిటికంటే పైనో సమానంగానో ఉంటుంది. ఈ అంకెలు ఆ అమ్మాయివి, మీవి వేరేగా వస్తాయి. మెకానిక్స్ బాగా వచ్చినవాడికి రొటేషన్ 0.6 నుంచి 0.85కి నాలుగు గంటల్లో రావొచ్చు, అప్పుడు గంటకి 0.125, వాడికి అది మంచి బేరమే. అందుకే పక్కవాడి లిస్టు మీకు పనికిరాదు.

30 చాప్టర్లకీ ఇలా వేసి గంటకి లాభం ఎక్కువ ఉన్నదాని నుంచి కిందకి పేర్చుకుంటూ రండి, గంటలు కూడుకుంటూ పోండి, మొత్తం గంటల్లో నాలుగో వంతు రివిజన్‌కి, దాచిన పేపర్లకి ఉంచేసి మిగతా దాంట్లో ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసేయండి. పై అమ్మాయికైతే 45లో 33 గంటల దగ్గర గీత పడుతుంది.

మామూలుగా ఈ లెక్కలో చాలామందికి పైకి వచ్చేవి సెకండ్ ఇయర్ చివరి చాప్టర్లే, డ్యూయల్ నేచర్, అటామ్స్, న్యూక్లియై, సెమీకండక్టర్స్, ఈఎమ్ వేవ్స్, సిలబస్‌లో ఉంటే కమ్యూనికేషన్. ఫస్ట్ ఇయర్ నుంచి యూనిట్స్, గ్రావిటేషన్, మెకానికల్ ప్రాపర్టీస్ ఆఫ్ సాలిడ్స్, కైనెటిక్ థియరీ, థర్మోడైనమిక్స్. కాలేజీల్లో సెకండ్ ఇయర్ చివరి చాప్టర్లు ప్రీ-ఫైనల్స్ హడావిడిలో పరుగు పరుగున అయిపోతాయి, అందుకే వాటి దగ్గర హిట్ రేట్ తక్కువగా ఉండి పెరగడానికి చోటు కూడా ఎక్కువ ఉంటుంది.

7. గీత కింద పడ్డా వదలకూడనివి

లెక్క గుడ్డిగా ఫాలో అయితే ఒక చోట దెబ్బతింటారు. కొన్ని చాప్టర్లు వాటి సొంత మార్కులకన్నా మిగతావాటికి ఎక్కువ పనికొస్తాయి. వర్క్ ఎనర్జీ పవర్ అలాంటిది, ఎనర్జీ కన్సర్వేషన్ రాకపోతే ఆసిలేషన్స్, గ్రావిటేషన్‌లో ఎస్కేప్ వెలాసిటీ, ఎలక్ట్రోస్టాటిక్ పొటెన్షియల్, అన్నిట్లోనూ చెయ్యి ఆగిపోతుంది. వెక్టర్స్ రెండోది, మోషన్ ఇన్ ఎ ప్లేన్‌లో ప్రొజెక్టైల్ మొత్తం రాకపోయినా పర్లేదు కానీ కాంపోనెంట్స్ విడగొట్టడం, డాట్, క్రాస్ రావాలి, లేకపోతే మ్యాగ్నెటిక్ ఫోర్స్ దగ్గర ఇరుక్కుంటారు. సర్క్యులర్ మోషన్‌లో mv²/r ఒక్కటి ఉంటే అటామ్స్, గ్రావిటేషన్, మూవింగ్ ఛార్జెస్ మూడింటికీ సరిపోతుంది. కాబట్టి ఈ మూడు ముక్కలకి ముందే ఒక ఐదారు గంటలు తీసి పక్కన పెట్టేయండి, ఇవి లిస్టులో ఎక్కడున్నా సరే.

8. ఎంచుకున్న చాప్టర్‌ని రకాల వారీగా చెయ్యండి

డ్యూయల్ నేచర్‌నే తీసుకుని చూపిస్తా, ఎందుకంటే ఇది తేలిక అనుకుని చదివేసి కూడా మార్కు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

మొదటి రకం ఫోటోఎలక్ట్రిక్ ఈక్వేషన్. hc/λని జౌల్స్‌లో చేస్తూ కూర్చుంటే రెండు నిమిషాలు పోతాయి. E = 12400/λ అని పెట్టుకోండి, λ ఆంగ్‌స్ట్రామ్‌లో వేస్తే ఎనర్జీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లో వస్తుంది. 3100 ఆంగ్‌స్ట్రామ్ లైట్ అంటే 4 eV, వర్క్ ఫంక్షన్ 2.5 eV అయితే మాక్సిమమ్ కైనెటిక్ ఎనర్జీ 1.5 eV, స్టాపింగ్ పొటెన్షియల్ 1.5 V. పది సెకన్ల పని. ఇప్పుడు అదే లైట్ వేవ్‌లెంగ్త్ సగం చేస్తే కైనెటిక్ ఎనర్జీ ఎంతవుతుంది అని అడుగుతారు, తొందరలో రెట్టింపు అని 3 eV పెట్టేస్తారు, కానీ 1550కి ఎనర్జీ 8 eV, అందులోంచి 2.5 తీస్తే 5.5 eV. రెట్టింపయ్యేది ఫోటాన్ ఎనర్జీ, కైనెటిక్ ఎనర్జీ కాదు. ఆప్షన్లలో 3 eV కూడా ఉంటుంది చూడండి, అది అలా పడేవాళ్ళ కోసమే పెడతారు.

రెండో రకం థియరీ, ఇంటెన్సిటీ పెంచితే ఏమవుతుంది, ఫ్రీక్వెన్సీ పెంచితే ఏమవుతుంది. ఇంటెన్సిటీ పెరిగితే ఫోటోకరెంట్ పెరుగుతుంది, స్టాపింగ్ పొటెన్షియల్ మారదు. గ్రాఫ్ ఇచ్చి అడిగినా ఇదే.

మూడో రకం డీబ్రోగ్లీ వేవ్‌లెంగ్త్ నిష్పత్తి, ఎక్కువ మంది పోగొట్టుకునేది ఇక్కడే. ప్రోటాన్, ఆల్ఫా పార్టికల్ ఇచ్చి వేవ్‌లెంగ్త్‌ల నిష్పత్తి అడుగుతారు. స్పీడ్ ఒకటే అంటే λ = h/mv, మాస్ నాలుగు రెట్లు కాబట్టి 4:1. కైనెటిక్ ఎనర్జీ ఒకటే అంటే λ = h/√(2mK), 2:1. ఒకే పొటెన్షియల్‌తో యాక్సిలరేట్ చేశారంటే λ = h/√(2mqV), మాస్ నాలుగు రెట్లు, ఛార్జ్ రెండు రెట్లు, కాబట్టి 2√2:1. ప్రశ్నలో మారేది ఒక్క ముక్కే, ఆన్సర్ మాత్రం మూడు రకాలు. ఈ మూడూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకుని చెయ్యండి, విడివిడిగా చదివితే హాల్లో కలిసిపోతాయి.

చివరగా ఎలక్ట్రాన్‌కి λ = 12.27/√V ఆంగ్‌స్ట్రామ్, 100 వోల్టులకి 1.227 ఆంగ్‌స్ట్రామ్ అని గుర్తుంటే చాలు. ఇంతే చాప్టర్. పేపర్లలో మీరు చేర్చిన బిట్లన్నీ ఈ నాలుగిట్లో ఎక్కడో ఒక చోట పడతాయి, పడనిది ఏదైనా ఉంటే ఐదో రకంగా రాసుకోండి.

అటామ్స్‌లో కూడా ఇలాగే నిష్పత్తులు సిద్ధంగా పెట్టుకోండి, లైమన్ మొదటి లైన్ వేవ్‌లెంగ్త్ 4/(3R), బామర్ మొదటి లైన్‌ది 36/(5R), రెండిటి నిష్పత్తి 5:27, ఇది ఎన్నిసార్లు వచ్చినా కొత్తగా లెక్కేస్తూ కూర్చునేవాళ్ళుంటారు. న్యూక్లియైలో రేడియస్ మాస్ నంబర్ క్యూబ్ రూట్‌తో పెరుగుతుంది, 27కి 125కి 3:5. వీటన్నిట్లో క్యాలిక్యులేషన్ తప్పే అవకాశం చాలా తక్కువ, ఇవి నమ్మకమైన మార్కులు అవ్వడానికి అసలు కారణం అదే. థర్మల్ ప్రాపర్టీస్‌లో క్యాలరిమెట్రీ బిట్ కాన్సెప్ట్‌గా తేలికే, కానీ గ్రాములు, కిలోలు, క్యాలరీలు, జౌల్స్ మధ్య ఎక్కడో పొరపాటు జరిగి మార్కు పోతుంది, అందుకే అక్కడ హిట్ రేట్ మీరు అనుకున్నంత రాదు.

9. పది రోజులకోసారి మళ్ళీ కొలవండి

చదివిన చాప్టర్ హిట్ రేట్ పెరిగిందా లేదా అన్నది అదే బిట్లు మళ్ళీ చేస్తే తెలీదు, ఆన్సర్లు గుర్తుండిపోతాయి. దాచిన మూడు పేపర్లలో ఒకటి తీసి ఫిజిక్స్ 40 బిట్లూ 45 నిమిషాల్లో చెయ్యండి, తర్వాత గీత పైన ఉన్న చాప్టర్ల బిట్లు మాత్రమే వేరుగా లెక్కపెట్టండి. ఆ చాప్టర్ల నుంచి 20 బిట్లు ఉంటే 16 దాకా రావాలి. 12 దగ్గర ఆగితే కొత్త చాప్టర్ మొదలుపెట్టొద్దు, తప్పైన 8 బిట్లు తీసుకుని ఒక్కోదాని పక్కన ఎందుకు పోయిందో ఒక మాట రాయండి, ఫార్ములా మర్చిపోయానా, ప్రశ్న సరిగా చదవలేదా, లెక్క తప్పిందా, టైమ్ చాల్లేదా. ఫార్ములా అయితే మొదట్లో చదివిన చాప్టర్లు జారిపోతున్నాయని అర్థం, రోజూ పది నిమిషాలు పాత షీట్లు తిరగేయండి. లెక్క తప్పులే ఎక్కువుంటే మీకు కావాల్సింది ఫిజిక్స్ కాదు, పవర్స్ ఆఫ్ టెన్ ప్రాక్టీస్.

ఈ ఎంపిక పద్ధతి 25, 28 మార్కుల వరకు తీసుకెళ్ళడానికి బాగా పనిచేస్తుంది. 35 దాటాలి, మంచి కాలేజీలో కంప్యూటర్స్ రావాలి అనుకునేవాళ్ళకి వదలడానికి చాప్టర్లు ఉండవు, వాళ్ళు కూడా ఈ లెక్కని ఏది ముందు, ఏది తర్వాత అని నిర్ణయించుకోవడానికి మాత్రమే వాడుకోవాలి.

10. హాల్లో

ఫిజిక్స్‌లోకి రాగానే 81 నుంచి వరుసగా పడొద్దు, మొదట్లో వచ్చేవి మెకానిక్స్ బిట్లు, అక్కడే టైమ్ తినేస్తాయి. 120 నుంచి వెనక్కి రండి, మీ గట్టి చాప్టర్లు చాలావరకు అటే ఉంటాయి. ప్రతి బిట్‌కి చదవగానే ఏ రకమో తట్టాలి, పది పదిహేను సెకన్లలో తట్టకపోతే మార్క్ ఫర్ రివ్యూ పెట్టి ముందుకెళ్ళండి. రెండో రౌండ్‌లో రివ్యూ పెట్టినవి. వదిలేసిన చాప్టర్ బిట్లలో ముందు ఆప్షన్ల డైమెన్షన్లు చూడండి, టైమ్ అడిగితే సెకన్లు రాని ఆప్షన్ ఒకటో రెండో ఎగిరిపోతాయి, అప్పుడు గెస్ 0.25 నుంచి 0.33కో 0.5కో పోతుంది. పరీక్ష అయిపోవడానికి ఐదు నిమిషాలుండగా ఇక ఏదీ సాల్వ్ చెయ్యకుండా పక్కన ఉన్న ప్యానెల్‌లో ఆన్సర్ పెట్టని నంబర్లు చూసుకుంటూ ఒక్కటి కూడా ఖాళీ వదలకుండా ఏదో ఒక ఆప్షన్ పెట్టి సేవ్ కొట్టండి, సేవ్ కొట్టకుండా పక్క ప్రశ్నకి వెళ్తే పెట్టిన ఆన్సర్ పోతుంది.